మినిమమ్ ఆర్డర్ 500 పెట్టేముందు ఒక్కో డెలివరీలో ఎంత మిగులుతోందో చూడండి

ప్రశ్న: అనంతపురం రాంనగర్‌లో ఇంటి నుంచే జొన్న రొట్టెలు, గుత్తొంకాయ కూర, శనక్కాయ పొడి, నిప్పట్లు అమ్ముతున్నాం. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. సాయంత్రానికి 30 దాకా వస్తాయి, ఎక్కువ భాగం 6 రొట్టెలు, ఒక కూర, అంటే 160 రూపాయలు. రొట్టె 15, కూర 70, పొడి 100 గ్రాములు 50, పావు కిలో 110, నిప్పట్లు పావు కిలో 100. డెలివరీ ఫ్రీ. బండి అబ్బాయికి ఆర్డర్‌కు 35 ఇస్తున్నాం. నెలాఖరుకి చేతిలో ఏమీ కనపడట్లేదు. మినిమమ్ ఆర్డర్ 500 పెడదాం అంటారు మా ఆయన. కాంబోలు పెట్టమంటుంది మా చెల్లెలు. ఉన్న కస్టమర్లు కూడా పోతారేమోనని నాకు టెన్షన్. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, 500 పెట్టకండి. కర్నూలులో పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. రొట్టెలు, కూరలు, పొడులు, కొంత పిండివంటలు. మీ ఆయన చెప్పిందే నేనూ చేసి దెబ్బతిన్నాను కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను.

2022లో మా బండి అబ్బాయి పెట్రోలు రేటు చూపించి డబ్బులు పెంచమన్నాడు. అడిగింది న్యాయమే. చిన్న ఆర్డర్లు మోసి మోసి లాభం లేదనుకుని మినిమమ్ 400 పెట్టాను. అప్పటిదాకా రోజుకు 30 ఆర్డర్లు, సగటు బిల్లు 236 రూపాయలు ఉండేది. రెండు వారాల్లో సగటు 440కి వెళ్లింది. చాలా సంతోషపడ్డాను. కానీ ఆర్డర్లు 11కి పడిపోయాయి. లెక్క వేస్తే, మునుపు సరుకు, డెలివరీ ఖర్చులు పోను రోజుకు 1,455 రూపాయలు మిగిలేది, ఇప్పుడు 1,375. బిల్లు దాదాపు రెట్టింపైంది, చేతిలోకి వచ్చేది తగ్గింది. పైగా రొట్టెలు చేసే ఇద్దరు ఆడవాళ్లకు రోజు కూలి తగ్గించలేను కదా, వాళ్లు ఖాళీగా కూర్చున్నారు. ఆ కూలి కూడా కలిపితే నష్టం ఇంకా ఎక్కువ.

ఎక్కడ తప్పు పట్టిందో తర్వాత పాత బిల్లులు ముందేసుకుంటే తెలిసింది. 236 సగటు అంటే అందరూ ఆ చుట్టుపక్కల కొంటున్నారనుకున్నాను. ఒకరోజు 30 బిల్లులు విడదీసి చూస్తే 18 బిల్లులు 160 దగ్గర ఉన్నాయి. ఆరు 230 దగ్గర, నాలుగు 330 దగ్గర. మిగతా రెండూ ఆఫీసు పార్టీలవి, ఒక్కోటి 750. ఆ రెండు పెద్ద బిల్లులే సగటును పైకి లాగాయి. 160కి కొనే ఇల్లాలికి నేను 400 అన్నప్పుడు ఇంకో 240 రూపాయలవి కొనమన్నట్టు. ఇద్దరు తినే ఇంట్లో అంత కూర ఏం చేసుకుంటారు?

అందుకే మీరు మొదట చేయాల్సిన పని సగటు తీయడం కాదు. రెండు వారాల బిల్లులు తీసుకుని 100 లోపు, 100 నుంచి 150, 150 నుంచి 200 అలా గీతలు గీసి, ఏ గడిలో ఎన్ని పడ్డాయో చూడండి. అన్నిటికన్నా నిండుగా ఉన్న గడి ఏదో అదే మీ అసలు కస్టమర్. మీరు చెప్పినదాన్ని బట్టి అది 160.

ఇప్పుడు ఆ 160లో ఎంత మిగులుతోందో చూద్దాం. మీ ఖర్చులు నాకు తెలియవు, నా దగ్గర పడే ఖర్చులు మీ ధరల మీద వేస్తున్నాను. మీవి మీరు మార్చుకోండి. రొట్టెకు పిండి 5, చేసినవాళ్లకు కూలి 4, గ్యాస్ 1, మొత్తం 10. మిగిలేది 5. ఆరు రొట్టెలకు 30. గుత్తొంకాయ కూరకు శనగ్గింజలు, నువ్వులు, నూనె, వంకాయలు, డబ్బాతో సహా 40 పడుతుంది, మిగిలేది 30. మొత్తం 60 మిగిలింది. అందులో బండికి 35, పైకవర్, రొట్టెలు చుట్టే కాగితం 5. చేతికి వచ్చింది 20. ఈ 20లోనే మీ ఫోను, మీ శ్రమ, మిగిలిపోయిన కూర, పాడైపోయిన వంకాయలు అన్నీ రావాలి. నెలాఖరుకి ఏమీ కనపడకపోవడానికి కారణం ఇదే.

అదే ఆర్డర్‌లో పావు కిలో శనక్కాయ పొడి కూడా వెళ్లిందనుకోండి. బిల్లు 270. పొడికి విత్తనాలు, ఎండుమిరప, వెల్లుల్లి, వేయించే గ్యాస్, కొట్టే కూలి, ప్యాకెట్ అన్నీ కలిపి నాకు 55 పడుతుంది. అంటే ఇంకో 55 మిగులుతుంది. బండి వెళ్లేది అదే గడపకు, అదే 35, అదే కవర్. కాబట్టి చేతికి 75 వస్తుంది. బిల్లు ఒకటిన్నర రెట్లు చిల్లర పెరిగింది, మిగులు మాత్రం నాలుగు రెట్లకు దగ్గరగా వెళ్లింది. ఆర్డర్‌కు ఒక్కసారే పడే ఖర్చు మొదటి వస్తువులే మోసేశాయి, తర్వాత వచ్చిన వస్తువు మీద ఆ బరువు లేదు. మీరు చేయబోయే మార్పులన్నీ ఈ ఒక్క సంగతి మీదే నిలబడాలి.

అయితే ఏ వస్తువు పెరిగినా మంచిదేనా అంటే కాదు. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. రొట్టె మీ దగ్గర ఫేమస్ కాబట్టి "10 రొట్టెలు కొంటే 2 ఫ్రీ" అని పెట్టాలనిపిస్తుంది. మా దగ్గర చేతి రొట్టె ఒక మనిషి గంటకు ముప్పైకి మించి చేయలేదు. తట్టాలి, పెనం మీద వేయాలి, తడి గుడ్డతో నీళ్లు అద్దాలి, తిప్పాలి, పొంగించాలి. ఇద్దరు మనుషులు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా చేస్తే 180 రొట్టెలు. మీ 30 ఆర్డర్లకు ఆరేసి చొప్పున సరిగ్గా 180. అంటే మీ పెనాలు ఇప్పటికే నిండుగా ఉన్నాయి. అందరూ ఆ ఆఫర్ తీసుకుంటే ఇంటికి 12 చొప్పున 15 ఇళ్లకే సరిపోతాయి, మిగతా 15 ఇళ్లకు లేవని చెప్పాలి, లేకపోతే ఆలస్యంగా పంపాలి. రొట్టెకు మిగిలేది 5 రూపాయలే, దానికోసం పీకల మీదికి తెచ్చుకున్నట్టవుతుంది. పొడి అలా కాదు. పొద్దున పదకొండింటికి తీరిగ్గా కొట్టి పెట్టుకోవచ్చు, కొన్ని వారాలు నిలవుంటుంది, సాయంత్రం చేయాల్సిందల్లా ప్యాకెట్ తీసి కవర్‌లో వేయడమే. నిప్పట్లూ అంతే, కాకపోతే నూనె ఖర్చు ఎక్కువ, నా దగ్గర 100కి 40 మిగులుతుంది. కాబట్టి ఆర్డర్‌ను పెంచాల్సింది నిలవుండే వాటితో. రద్దీ వేళ చేతిపని అడిగే వాటితో కాదు.

ఇక ఎలా పెంచాలి? అన్నిటికన్నా తేలిక, రేపటి నుంచే చేయగలిగేది, ఆర్డర్ తీసుకునేటప్పుడు ఒక్క మాట అడగడం. మా ఇంట్లో ఫోను చూసేది మా కోడలు. తను రాసే మెసేజ్ ఇలా ఉంటుంది.

కస్టమర్: 6 రొట్టె, 1 గుత్తొంకాయ. 8 గంటలకు.
మా కోడలు: సరే అక్కా. శనక్కాయ పొడి ఈ రోజే కొట్టాం, 100 గ్రాములు 50. ఒకటి పెట్టమంటారా?
కస్టమర్: పెట్టండి.
మా కోడలు: 6 రొట్టెలు, గుత్తొంకాయ, పొడి, మొత్తం 210. 8 లోపు వస్తుంది అక్కా.

ఇంతే. కానీ ఇందులో నాలుగు జాగ్రత్తలున్నాయి. మొదటిది, మొత్తం చెప్పకముందే అడగాలి. 160 అని చెప్పి, వాళ్లు ఫోన్‌పే కొట్టేశాక పొడి కావాలా అంటే, ఇంకోసారి 50 కొట్టడానికి ఎవరికీ మనసు రాదు. రెండోది, ఒక్క వస్తువే అడగాలి. మొదట్లో మా కోడలు పొడులు, నిప్పట్లు, కర్జికాయలు, ఊరగాయ అంతా లిస్టు పంపేది. చాలామంది దానికి జవాబే ఇచ్చేవాళ్లు కాదు, కొందరు ఆర్డర్ కూడా ఖాయం చేయకుండా ఊరుకునేవాళ్లు. ఒక్కటి అడిగితే అవును, కాదు అని చెప్పడం సులువు. మూడోది, అడిగే వస్తువు ప్లేట్‌లో రొట్టె పక్కన కూర్చునేది అయి ఉండాలి, ధర ఆర్డర్‌లో మూడో వంతు దాటకూడదు. 160 ఆర్డర్‌కు 50 పొడి సరిపోతుంది. అదే మనిషికి 400 రూపాయల కర్జికాయల డబ్బా చెబితే మనల్ని చూసే తీరే మారిపోతుంది. నాలుగోది, రెండుసార్లు వద్దన్నవాళ్లను నెల దాకా మళ్లీ అడగకండి. వాట్సాప్ బిజినెస్‌లో లేబుల్స్ ఉంటాయి, ఆ పేరు మీద ఒక రంగు పెట్టేస్తే ఫోను ఎవరు చూసినా తెలుస్తుంది. అందులోనే క్విక్ రిప్లై పెట్టుకుని `/podi` అని కొడితే పొడి వాక్యం వచ్చేస్తుంది, రద్దీలో మర్చిపోరు. కానీ పొడి నిజంగా ఆ రోజు కొట్టినప్పుడే "ఈ రోజే కొట్టాం" అని పంపండి. కొట్టని రోజు ఆ మాట తీసేయాలి. రుచి చూసినవాళ్లకు తేడా తెలుస్తుంది.

పావు కిలో ఎందుకు అడగకూడదు, మిగులు ఎక్కువ కదా అని మీకు అనిపించవచ్చు. కొత్తవాళ్లకు 100 గ్రాములే అడగండి. అది నా దగ్గర 26 పడుతుంది, 24 మిగులుతుంది. ఆ ఆర్డర్‌లో మీ 20 కాస్తా 44 అవుతుంది. నచ్చితే రెండోసారి వాళ్లే పావు కిలో అడుగుతారు. మా దగ్గర పొడికి వచ్చిన కస్టమర్లు ఎక్కువమంది ఇలా వచ్చినవాళ్లే.

ఒక్క పని మాత్రం ఎప్పుడూ చేయకండి. అడగకుండా కవర్‌లో పెట్టి బిల్లులో కలపడం, లేదా చివర్లో "ప్యాకింగ్ 10" అని కొత్తగా చేర్చడం. మా పక్క వీధిలో ఒకరు అలా చేసి నమ్మకం పోగొట్టుకున్నారు. ఆన్‌లైన్ అమ్మకాల్లో ఇలా కొనేవాళ్లకు తెలియకుండా బుట్టలో వస్తువు చేర్చడాన్ని, అసలు ధర చివరిదాకా దాచడాన్ని 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు నిషేధించాయి కూడా. డబ్బా ఖర్చు ఉంటే ధరలోనే కలిపి మొదటే చెప్పండి.

ఇప్పుడు కాంబోల సంగతి. మీ చెల్లెలు చెప్పింది మంచి మాటే, కానీ కాంబో అంటే వెంటనే తగ్గింపు ధర అనుకుంటారు. అక్కడ జాగ్రత్త. 270 రూపాయల రొట్టె, కూర, పావు కిలో పొడి కలిపి 249కి ఇద్దామనుకోండి. మిగులు 75 నుంచి 54కి దిగుతుంది. ఇప్పటికే 30 మందిలో అయిదుగురు పొడి కూడా పూర్తి ధరకే కొంటున్నారనుకుందాం. వాళ్లకు మీరు ఊరికే 21 చొప్పున 105 వదులుకున్నట్టు. 160 నుంచి కొత్తగా కాంబోకు వచ్చిన ప్రతి మనిషి వల్ల మీకు పెరిగేది 54 లోంచి 20 తీసేస్తే 34. ముగ్గురు వస్తే 102, ఇంకా 3 రూపాయలు తక్కువే. నలుగురు వస్తేనే గట్టెక్కుతారు. మిగతా 25 మందిలో రోజూ నలుగురైనా మారకపోతే ఆ కాంబో మీ జేబులోంచి తీసి ఇచ్చినట్టే. ఏ కాంబో పెట్టినా ఈ లెక్క ముందు కాగితం మీద వేయండి: ఇప్పటికే కొంటున్నవాళ్లు ఎంతమంది, వాళ్లకు ఎంత వదులుతున్నాం, కొత్తగా ఎంతమంది మారితే అది తిరిగి వస్తుంది.

నేను ధర తగ్గించడం మానేసి చాలాకాలమైంది. దానికి బదులు చిన్న వస్తువు కలుపుతాను. మీ ఊళ్లో ఊరిబిండి అందరికీ ఇష్టం కదా. రెండు చెంచాల ఊరిబిండి చిన్న కప్పులో పెడితే 8 రూపాయలు పడుతుంది. 6 రొట్టెలు, కూర, 100 గ్రాముల పొడి 210కి ఇస్తూ, దాంతో ఊరిబిండి ఫ్రీ అని చెప్పండి. లెక్క వేస్తే 60, పొడి మీద 24, మొత్తం 84. అందులో ఊరిబిండి 8, డెలివరీ, కవర్ కలిపి 40 పోతే 36 మిగులుతుంది. ధర తగ్గించలేదు కాబట్టి రేపు కాంబో తీసేసినా "నిన్న 249 అన్నారు కదా" అని ఎవరూ అడగరు. 21 రూపాయల తగ్గింపు రెండు రోజుల్లో మర్చిపోతారు, ఊరిబిండి రుచి మర్చిపోరు. దాన్నే విడిగా కావాలని అడిగే రోజు వస్తుంది.

పేరు కూడా "కాంబో 1, కాంబో 2" అని పెట్టకండి. "ఇద్దరి రాత్రి భోజనం" అని పెడితే చదవగానే ఎవరికోసమో తెలుస్తుంది. అలాంటివి రెండు చాలు. రెండోది "వారం పొడుల ప్యాకెట్" పెట్టండి: శనక్కాయ పొడి, గురెళ్ల పొడి, పప్పుల పొడి, 100 గ్రాముల చొప్పున. జేఎన్‌టీయూ వైపు హాస్టల్ పిల్లలు, రూముల్లో ఉండి ఉద్యోగం చేసేవాళ్లు దీనికి సరిగ్గా సరిపోతారు. పెనం అవసరమే లేదు, మధ్యాహ్నం వేళ బండి అబ్బాయి ఖాళీగా ఉన్నప్పుడు పంపవచ్చు.

కాంబో పనిచేయట్లేదని ఎలా తెలుస్తుందంటే, "పొడి తీసేసి డబ్బులు తగ్గిస్తారా" అని అడిగేవాళ్లను లెక్కపెట్టండి. పదిలో ముగ్గురు అలా అడిగితే ఆ వస్తువు అక్కడ అతకలేదని అర్థం, మార్చండి. ఇంకో మాట, కూర అయిపోయిన రోజు కాంబోలో దానికి బదులు ఏమిస్తారో ముందే నిర్ణయించుకోండి. మా దగ్గర గుత్తొంకాయ లేకపోతే పాలకూర పప్పు, అది కూడా ఫోనులో అడిగి ఒప్పుకున్నాకే.

దీపావళికి, సంక్రాంతికి పెట్టెలు కట్టే ఆలోచన ఉంటే ఒక్క విషయం. మీరు జీఎస్టీలో రిజిస్టర్ అయి ఉంటే, వేర్వేరు పన్ను రేట్ల వస్తువులు కలిపి ఒకే ధరకు అమ్మిన పెట్టె మొత్తానికి అందులో అన్నిటికన్నా ఎక్కువ రేటున్న వస్తువు రేటే పడుతుంది. చట్టంలో దీన్ని మిక్స్‌డ్ సప్లై అంటారు. అందంగా ఉంటుందని ఎక్కువ పన్నున్న వస్తువు ఏదైనా పెట్టెలో పెడితే తినే వస్తువులన్నిటికీ ఆ పన్నే కట్టాలి. ఆడిటర్‌ను ఒకసారి అడిగి పెట్టె కట్టండి.

ఇక మినిమమ్ ఆర్డర్. దీన్ని ఊహించి పెట్టకూడదు, ఖర్చు నుంచి తీయాలి. మీ 160లో వస్తువుల మీద మిగిలేది 60, అంటే ప్రతి 100 రూపాయల అమ్మకానికి 37 రూపాయల 50 పైసలు. ఒక్కో డెలివరీకి ఖర్చు 40. ఆ 40 రావాలంటే 40ని 0.375తో భాగించాలి, 107 వస్తుంది. డెలివరీ ఫ్రీగా ఇస్తే 107 లోపు ఆర్డర్‌కు మీరు ఎదురు డబ్బులు ఇచ్చి పంపుతున్నారు. కాబట్టి 500కు ఏ లెక్కా లేదు. మీ సమస్య మినిమమ్ లేకపోవడం కన్నా, 160కీ 500కీ ఒకే రకంగా డెలివరీ ఫ్రీ ఇవ్వడం.

నేనైతే ఇలా పెడతాను. మూడు కిలోమీటర్ల లోపు 250 దాటితే డెలివరీ ఫ్రీ, 250 లోపు అయితే 25 రూపాయలు. 250 ఎందుకంటే, మీ 160 మనిషి ఒక్క వస్తువు కలుపుకుంటే దాన్ని దాటగలగాలి. నిప్పట్లు కలిపితే 260, పావు కిలో పొడి కలిపితే 270. ఇదే 300 పెట్టి చూడండి, ఒక్క వస్తువుతో అందదు, రెండు కొనాలి, అప్పుడు చాలామంది ఆ ప్రయత్నమే చేయరు. ఫ్రీ డెలివరీ గీత ఎప్పుడూ నిండు గడికి ఒక్క వస్తువు దూరంలో ఉండాలి. కలుపుకున్నవాళ్ల దగ్గర పొడి అయితే మీకు 75, నిప్పట్లు అయితే 60 మిగులుతుంది. కలుపుకోకుండా 25 ఇచ్చినవాళ్ల దగ్గర 45 మిగులుతుంది. రెండూ ఇప్పటి 20 కన్నా మేలే.

ఆ తర్వాత మినిమమ్ 100 పెట్టండి చాలు. డెలివరీ డబ్బులు విడిగా వస్తున్నాయి కాబట్టి నష్టం కోసం కాదు, రద్దీలో బండి ఒక్కటే ఉంటుంది, 45 రూపాయల ఆర్డర్ కోసం అది వెళితే వెనక మూడు ఆర్డర్లు చల్లారిపోతాయి. ఇంటికి వచ్చి తీసుకునేవాళ్లకు మాత్రం ఏ మినిమమ్ పెట్టకండి. మా వీధిలో ఒంటరిగా ఉండే పెద్దావిడ ఒకరు రోజూ రెండు రొట్టెలు తీసుకెళతారు. నేను 400 పెట్టినప్పుడు ఆవిడ "నాకు ఇవ్వరా నాయనా" అని అడిగారు. నేను డెలివరీ అని రాయకుండా ఒట్టి "మినిమమ్ 400" అని బోర్డు పెట్టడం వల్ల వచ్చిన తప్పు అది. మీరు "డెలివరీకి" అని స్పష్టంగా రాయండి.

దూరానికి వేరే గీత ఉండాలి. రాంనగర్ నుంచి బుక్కరాయసముద్రం లాంటి చోటికి బండి వెళ్లి రావడానికి 60 అనుకుందాం, కవర్‌తో 65. అదే లెక్కన ఫ్రీగా పంపితే 173 లోపు అంతా నష్టమే. అక్కడికి మినిమమ్ 200, డెలివరీ 40, 400 దాటితే ఫ్రీ అని పెట్టుకోవచ్చు. లేదా ఆ వైపు రోజుకు ఒక్క ట్రిప్పే, ఏడింటికి అని చెప్పి నాలుగు ఆర్డర్లు కలిపి పంపితే ఖర్చు నాలుగిళ్లకు పంచుకుంటుంది. నా అనుభవంలో రెండోదే బాగా నడిచింది.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. మొదటి రెండు వారాలు బిల్లులు రాసుకోవడం, ఆ తర్వాత రెండు వారాలు పొడి అడగడం, ఆ తర్వాత డెలివరీ గీత, చివర్లో కాంబో. నోటుబుక్కులో రోజుకు నాలుగే రాయండి: ఎన్ని ఆర్డర్లు, మొత్తం ఎంత, పొడి ఎంతమందిని అడిగాం, ఎంతమంది సరే అన్నారు. పోల్చేటప్పుడు శనివారాన్ని శనివారంతో, సోమవారాన్ని సోమవారంతో పోల్చండి. పండగ వారాన్ని, హాస్టళ్లకు సెలవులిచ్చిన వారాన్ని లెక్కలోకి తీసుకోకండి.

డెలివరీ డబ్బులు పెట్టాక రెండు గుర్తులు చూడాలి. ఒకటి, ధర చెప్పాక జవాబు రాకుండా ఆగిపోయిన మెసేజ్‌లు. మునుపు రోజుకు ఒకటి రెండు ఉండేవి ఆరేడు అయితే 25 ఎక్కువైందని అర్థం, 15 చేసి చూడండి. రెండోది కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. వారానికి మూడుసార్లు 160కి కొనే మనిషి, ఇప్పుడు ఒక్కసారే 270కి కొంటున్నారేమో చూడండి. బిల్లు పెరిగినట్టే ఉంటుంది, కానీ ఆ ఇంటి నుంచి వారానికి వచ్చేది 480 నుంచి 270కి పడింది. అందుకే పాత కస్టమర్లలో ఇరవై మంది పేర్లు రాసుకుని, ఒక్కో ఇంటి నుంచి నెలకు మొత్తం ఎంత వచ్చిందో చూడండి. ఆ అంకె తగ్గకుండా బిల్లు పెరిగితేనే మీరు చేసింది సరైనట్టు.

మీ టెన్షన్ పాత కస్టమర్ల గురించి కదా. వాళ్లకు ఫ్రీ అలవాటైంది, ఒక్కసారిగా బిల్లులో 25 కనపడితే బాధపడతారు. కనీసం వారం ముందు చెప్పండి, స్టేటస్‌లో పెట్టి ఊరుకోకుండా రోజూ కొనే ఇళ్లకు విడిగా పంపండి. మేము రెండోసారి సరిగ్గా చేసినప్పుడు పంపిన మెసేజ్‌నే మీ అంకెలతో రాస్తున్నాను, మీకు తగ్గట్టు మార్చుకోండి:

"అక్కా, నమస్తే. వచ్చే సోమవారం నుంచి 250 లోపు ఆర్డర్లకు డెలివరీ 25 తీసుకుంటున్నాం. అది పూర్తిగా బండి అబ్బాయికే వెళుతుంది. 250 దాటితే ఎప్పటిలాగే ఫ్రీ. ఇంటికి వచ్చి తీసుకుంటే ఎంత చిన్న ఆర్డరైనా సరే, ఒక్క రొట్టె అయినా ఇస్తాం. రొట్టె, కూర ధరలు మార్చట్లేదు."

దానికి ఎవరైనా ఇబ్బందిగా ఉందని జవాబిస్తే ఫోను చేసి మాట్లాడండి. మాకు అలా రాసినవాళ్లు నలుగురు. అందులో ఇద్దరిది ఒకే అపార్ట్‌మెంట్, వేర్వేరు అంతస్తులు. ఇద్దరూ ఒకే టైముకు ఆర్డర్ ఇస్తే రెండూ కలిపి ఒక్క డెలివరీగా లెక్కపెడతామని చెప్పాం. ఇప్పుడు ఆ అపార్ట్‌మెంట్ నుంచి అయిదు ఇళ్లు కలిసి ఇస్తున్నాయి, బండి ఒక్కసారే వెళుతుంది.